రెండు పాత ఇళ్ళ మధ్య ఒక కొత్త గ్రంథాలయం

పాత వీధిలో ఒక ఇల్లు కూలితే ఆ చోటు చాలా కాలం ఖాళీగా పడి ఉంటుంది. వారసులు ఎక్కడో ఉంటారు, మొండిగోడల మధ్య తుమ్మ మొలుస్తుంది, ఇరుగుపొరుగు చెత్త వేస్తారు. అలాంటి చోటును ఊరికి ఇచ్చి గ్రంథాలయం కట్టాలనుకున్నప్పుడు మొదట తేల్చుకోవలసింది దాని రూపం. సాధారణంగా రెండు సలహాలు వినిపిస్తాయి. పక్క ఇళ్ళలాగే పెంకుటిల్లు కట్టి, చెక్కడాల స్తంభాలు పెట్టి, చూసినవారికి పాతదనిపించేలా చేయమన్నది ఒకటి. కాలం మారింది కాబట్టి సిమెంటు స్లాబు, అద్దాల ముఖం పెట్టి కొత్తదనం కనబడేలా కట్టమన్నది రెండోది.

రెండింటిలోనూ లోపం ఉంది. రెండో సలహా వింటే వీధి పోలిక చెదిరిపోతుంది. మొదటిది వింటే కొత్త భవనం మీద అబద్ధం పడుతుంది. ఇప్పుడు పెద్ద టేకు దూలాలు దొరకవు, దొరికినా ఊరి గ్రంథాలయం వాటి ఖర్చు భరించలేదు. అందుకని కాంక్రీటు స్తంభానికి చెక్క రంగు వేస్తారు, స్లాబు అంచున రెండు వరసల పెంకులు సిమెంటుతో అతికిస్తారు. అవి నీళ్ళను మళ్ళించవు, ఎండను ఆపవు. నాలుగు వానాకాలాలు గడిచేసరికి అతుకుల్లో నాచు పట్టి పెంకులు ఊడిపోతాయి. పాత ఇంట్లో ప్రతి భాగం ఒక పని కోసం పుట్టింది. నకలు ఆ రూపాన్ని తీసుకుని పనిని వదిలేస్తుంది.

గౌరవించవలసింది ఏది

కోస్తా జిల్లాల పాత వీధిలో నిలబడి చూస్తే ఇళ్ళన్నీ ఒకేలా ఉండవు. ఒకదానికి మండువా ఉంటుంది, ఒకదానికి ఉండదు. ఒకటి గూన పెంకులది, పక్కది తరువాతి కాలంలో వేసిన మంగళూరు పెంకులది. అయినా అవి ఒక కుటుంబంలా కనిపిస్తాయి. దానికి కారణం చెక్కడాలు కావు, కొన్ని కొలతలు. అరుగులన్నీ దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి. చూరు అంచులు ఒకే గీత మీద నడుస్తాయి. ముందు స్తంభాలు ఒకే దూరంలో నిలబడతాయి. గోడ ఎక్కువ, కిటికీ తక్కువ అన్న నిష్పత్తి ఇంటింటికీ కొనసాగుతుంది. కొత్త కట్టడం ఈ కొలతలను పాటిస్తే చాలు, రూపాన్ని అరువు తెచ్చుకోనక్కరలేదు.

ఈ ఆలోచనకు అంతర్జాతీయంగా ఒక ఆధారం ఉంది. స్మారక కట్టడాల పరిరక్షణ కోసం 1964లో వెనిస్‌లో రూపొందిన పత్రం, పాత కట్టడానికి తప్పనిసరిగా చేర్చే కొత్త పని పాతదాని నుంచి వేరుగా గుర్తుపట్టేలా ఉండాలని, తన కాలం ముద్ర మోయాలని చెప్పింది. కొత్తగా కలిపేది పాతదాని సమతూకాన్ని, పరిసరాలతో దానికున్న సంబంధాన్ని చెడగొట్టకూడదని కూడా అదే పత్రం అంది. అది స్మారకాల కోసం రాసింది, మామూలు ఇళ్ళ కోసం కాదు. అయినా ఈ రెండు షరతులు కలిపి చదివితే వీధి మధ్యలో కట్టే గ్రంథాలయానికీ దారి దొరుకుతుంది.

దీన్ని ఆచరణలో చూపిన కట్టడాల్లో బీజింగ్‌లోని ఒక పిల్లల గ్రంథాలయం పేరుపొందింది. అక్కడి ఇరుకు సందుల్లో, అనేక కుటుంబాలు పంచుకున్న ఒక పాత ముంగిలి ఇంట్లో, వాస్తుశిల్పి ఝాంగ్ కె దాన్ని రూపొందించారు. కుటుంబాలు ఏళ్ళ తరబడి ముంగిట్లో వేసుకున్న చిన్న వంటపాకలను ఆయన కూల్చివేయలేదు, వాటినీ ఆ చోటు చరిత్రలో భాగంగానే చూశారు. పాత వాలుకప్పు కింద 9 చదరపు మీటర్ల చిన్న పుస్తకాల గదిని ప్లైవుడ్‌తో అమర్చారు. ఒక పాత వంటగది చోటును బూడిదరంగు ఇటుకతో చిన్న కళామందిరంగా మార్చారు. పాతది ఏదో, కొత్తది ఏదో పిల్లవాడు కూడా చెప్పగలడు, కాని కొత్తది పాతదాని కొలతను మించదు. ఈ పనికి 2016లో ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం వచ్చింది.

ఒక స్థలం తీసుకుంటే

ఈ సూత్రాలు తెలుగు నేల మీద ఎలా పనిచేస్తాయో చూడటానికి డెల్టా ప్రాంతపు పాత వీధిలో ఒక స్థలాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. స్థలం వెడల్పు 25 అడుగులు, లోతు 66 అడుగులు. ముఖం ఉత్తరానికి. ముందు 20 అడుగుల వీధి. తూర్పున ఒక పెంకుటిల్లు, పడమట ఒక మండువా ఇల్లు. రెండింటి గోడలూ సున్నంతో కట్టిన ఇటుక గోడలు. తూర్పింటి చూరు సరిహద్దు దాటి అడుగున్నర లోపలికి వచ్చి ఉంది. పడమటింటి గోడ సరిగ్గా సరిహద్దు మీదే నిలబడింది. నేల నల్లమట్టి.

గీతలు గీసే ముందు కొలతలు తీయాలి. తాపీ మేస్త్రి, ఇంజనీరు, వాస్తుశిల్పి ముగ్గురూ కలిసి అటు మూడిళ్ళు, ఇటు మూడిళ్ళు కొలిచి వీధి ముఖాన్ని ఒకే కాగితం మీద గీయాలి. అరుగు ఎత్తు, చూరు ఎత్తు, కొప్పు ఎత్తు, స్తంభాల మధ్య దూరం, తలుపుల వెడల్పు అందులో ఉండాలి. ఈ వీధిలో అరుగులు రోడ్డు మీద నుంచి రెండున్నర అడుగుల ఎత్తున, చూర్లు 10 అడుగుల దగ్గర, స్తంభాలు ఆరేసి అడుగుల ఎడంగా, కొప్పులు 20 అడుగుల చుట్టుపక్కల ఉన్నాయనుకుంటే కొత్త భవనం చట్రం సగం దొరికినట్టే.

అదే సమయంలో ఇంకో పట్టిక కూడా రాసుకోవాలి. పక్కింటి కిటికీలు ఎక్కడున్నాయి, వాళ్ళ చూరు నీళ్ళు ఎక్కడ పడుతున్నాయి, వంటింటి పొగ ఎటు పోతుంది, గోడల్లో ఇప్పటికే ఎక్కడెక్కడ బీటలున్నాయి అన్నవి అందులో ఉండాలి. ప్రతి బీటకూ తేదీతో ఫొటో తీసి, ఇంటివారి సంతకంతో ఒక ప్రతి వారికే ఇవ్వాలి. పని మొదలయ్యాక కొత్త బీటేదో పాత బీటేదో తేల్చడానికి ఇది తప్ప మరో సాక్ష్యం ఉండదు.

వీధి వైపు ముఖం

కొత్త భవనం వీధి గీత మీదే నిలబడాలి. పక్క ఇళ్ళ అరుగులు ఒక వరసలో ఉన్నప్పుడు గ్రంథాలయం పది అడుగులు వెనక్కి జరిగితే వరసలో పన్ను ఊడినట్టుంటుంది. ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. భవన నిర్మాణ నిబంధనలు ముందు కొంత ఖాళీ వదలమంటాయి. పాత వీధుల్లో సడలింపు కోరుతూ, కొలిచి గీసిన వీధి ముఖాన్ని జతచేసి స్థానిక సంస్థకు దరఖాస్తు చేసుకోవాలి. సడలింపు రాకపోతే గదిని వెనక్కి జరిపి, పాత గీత మీద కప్పులేని అరుగైనా కట్టాలి. అరుగు కొనసాగితే వీధి గీత తెగదు. దగ్గరలో కేంద్ర ప్రభుత్వ రక్షణలో ఉన్న కట్టడం ఉంటే మరో నియమం వర్తిస్తుంది. దాని హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన మరో 200 మీటర్ల దాకా ముందస్తు అనుమతి తప్పనిసరి.

ముందు భాగానికి ఆరడుగుల వెడల్పున అరుగు, దాని మీద చూరు. అరుగు ఎత్తు, చూరు ఎత్తు పక్క ఇళ్ళవే. చూరును మోసేవి మాత్రం చెక్క స్తంభాలు కావు, మూడంగుళాల ఉక్కు గొట్టాలు. అవి ఆరేసి అడుగుల దూరంలో నాలుగు నిలబడతాయి. ఆ దూరం పొరుగిళ్ళ నుంచి తీసుకున్నదే అయినా లోపల దానికి సొంత కారణం ఉంది. పుస్తకాల బీరువా ఒక్కో గడి మూడడుగుల వెడల్పుంటుంది, కాబట్టి ఆరడుగుల ఎడంలో సరిగ్గా రెండు గడులు పడతాయి. ఒకే కొలత వీధికీ, లోపలి పనికీ సరిపోయినప్పుడు దాన్ని అలంకారం అనే వీలుండదు.

అరుగు మీద దినపత్రికలు చదువుకోవడానికి బల్ల ఉండాలి, గ్రంథాలయం మూసి ఉన్నప్పుడు కూడా అది ఊరివాళ్ళకు అందుబాటులో ఉండాలి. పాత ఇంటి అరుగు చేసిన పని కూడా అదే. దారిన పోయేవాడు అడగకుండా కూర్చోగల చోటు అది. కమ్మీల గేటు అరుగు ముందు కాకుండా అరుగు వెనుక, గది గుమ్మం దగ్గర రావాలి. ఈ ఒక్క నిర్ణయం తప్పితే మిగతా పోలికలన్నీ వృథా అవుతాయి.

కొప్పు ఎత్తు గురించి ఒక చిన్న లెక్క ఉంది. ముందు కప్పు చూరు దగ్గర 10 అడుగులు, అక్కడి నుంచి 14 అడుగులు లోపలికి వెళ్ళేసరికి 18 అడుగులు. అంటే వాలు దాదాపు 30 డిగ్రీలు, మంగళూరు పెంకుకు సరిపోయే వాలు. ఎదుటి అరుగు దగ్గర నిలబడిన మనిషి కన్ను అయిదడుగుల ఎత్తున ఉంటుంది. ఆ కంటి నుంచి కొప్పు మీదుగా ఒక గీత సాగిస్తే, వీధి అంచు నుంచి 44 అడుగుల లోపల ఆ గీత 29 అడుగుల ఎత్తుకు చేరుతుంది. కాబట్టి వెనుక గది 20 అడుగులు లేచినా ఎదుటివారికి కనబడదు. వెలుతురు కోసం వెనుక కప్పును ఎలా కావాలంటే అలా మలచుకునే స్వేచ్ఛ దీనితో వస్తుంది. అయితే ఒక్క చోట నిలబడి చూస్తే సరిపోదు. వీధి పొడవునా నడిచి, సందులోంచి ఏది తొంగి చూస్తుందో కూడా పరీక్షించాలి.

నేల కింద

పాత ఇళ్ళ మధ్య కట్టేటప్పుడు అన్నిటికంటే పెద్ద ప్రమాదం నేల కింద ఉంటుంది. సున్నపు గోడల పాత ఇళ్ళ పునాదులు తరచు మూడు నాలుగు అడుగుల లోతుకు మించవు. పక్కనే అయిదారడుగుల గోతులు తవ్వి వారం పాటు వదిలేస్తే, పాత పునాది కింది మట్టి పక్కకు జారుతుంది. వాన పడితే అది ఒక్క రాత్రిలోనూ జరగవచ్చు. నల్లమట్టిలో మరో సమస్య ఉంది. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. దాని మీద తేలికైన భవనం లేచి దిగుతూ బీటలు వారుతుంది.

ఈ రెండు సమస్యలకూ సరిపోయే పద్ధతి అండర్ రీమ్డ్ పైల్ పునాది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ దీన్ని నల్లమట్టి నేలల కోసం అభివృద్ధి చేసి ప్రచారంలోకి తెచ్చింది. చేతి బర్మాతో సన్నని నిలువు రంధ్రం తొలుస్తారు. అడుగున దాన్ని గంట ఆకారంలో వెడల్పు చేసి, ఇనుము పెట్టి కాంక్రీటు నింపుతారు. తేమ మార్పులు చేరని లోతులో ఆ ఉబ్బెత్తు భాగం లంగరులా పట్టుకుంటుంది. పెద్ద గోతులు ఉండవు, సుత్తి దెబ్బలుండవు కాబట్టి పక్క గోడలు అదరవు. పైల్స్‌ను కలిపే దూలానికీ నేలకూ మధ్య మూడంగుళాలు ఖాళీ వదలాలి. మట్టి ఉబ్బినప్పుడు దూలాన్ని పైకి తన్నకుండా ఆ ఖాళీ కాపాడుతుంది. నీళ్ళు పైపైనే ఉన్న చోట రంధ్రం గోడలు కూలే ప్రమాదం ఉంటుంది కాబట్టి మట్టి పరీక్ష చూసి ఇంజనీరు నిర్ణయించిన తరువాతే ఈ పని మొదలుపెట్టాలి.

పైల్స్‌ను పక్కింటి గోడను ఆనించి వేయకూడదు. పడమటి గోడ నుంచి రెండున్నర, మూడు అడుగులు ఎడంగా వేసి, దూలాన్ని అటువైపు కొంచెం సాచి దాని మీద కొత్త గోడ ఎత్తుతారు. ఎక్కడైనా మామూలు పునాది తవ్వక తప్పకపోతే నాలుగైదడుగుల ముక్కలుగా తవ్వాలి. ఒక ముక్క తవ్వి, కట్టి, పూడ్చిన తరువాతే దూరంగా ఉన్న మరో ముక్క మొదలుపెట్టాలి.

పని జరుగుతున్నంత కాలం పాత బీటల మీద చిన్న గాజు పలకలు అడ్డంగా అతికించి ఉంచుతారు. గోడ కదిలితే గాజు పగులుతుంది. పగిలిన రోజే పని ఆపి కారణం వెతకాలి. తలుపులు ఉన్నట్టుండి బిగుసుకోవడం, గడప పక్కన గచ్చు విడిపోవడం కూడా ఇలాంటి హెచ్చరికలే. వాటిని ముందుగా గమనించేది ఆ ఇంటివాళ్ళు. చెప్పుకోవడానికి వారికి ఒక మనిషి, ఒక ఫోను నంబరు ముందే ఇచ్చి ఉండాలి.

సందులు, చూరు నీళ్ళు

పాత వీధుల్లో ఎవరి చూరు నీళ్ళు వారి నేల మీదే పడాలన్నది మర్యాద. అయినా కాలక్రమంలో హద్దులు మారి ఒకరి చూరు మరొకరి స్థలంలోకి వస్తుంది. తూర్పింటి చూరును కోసేయమనడం తేలికే, కాని దాని కింది గోడ తడిసిపోతుంది. అందుకని గ్రంథాలయమే అయిదడుగుల సందు వదలాలి. ఆ చూరు కింద తన ఖర్చుతో రేకు దోనె పెట్టించి నీళ్ళను కాలువలోకి దించాలి. పడమట రెండడుగుల ఖాళీ చాలు. అంతకంటే తగ్గించకూడదు. మనిషి పట్టని సందులో ఆకులు, చెత్త, ఎలుకలు చేరతాయి. పక్షులు వేసిన విత్తనం నుంచి రావి మొలిచి రెండు గోడలనూ చీలుస్తుంది. రెండు చివర్లా చిన్న తలుపులు పెట్టి, అడుగున వాలుగా గచ్చు చేసి, ఏటా ఊడ్చేలా ఉంచాలి. ఇలా రెండు సందులు పోగా భవనానికి 18 అడుగులు మిగులుతాయి. ముఖంలో నాలుగు స్తంభాల మధ్య మూడు ఆరడుగుల ఎడాలు సరిగ్గా అందులో ఇముడుతాయి.

పక్కింటి సున్నపు గోడకు సిమెంటు పూత పూసి కొత్తగా చూపించాలన్న ఆలోచన రాకుండా చూసుకోవాలి. నేలలోని తేమ పాత గోడలోకి ఎక్కి సున్నపు పూత గుండా ఆవిరైపోతూ ఉంటుంది. సిమెంటు ఆ దారి మూస్తుంది. తేమ ఇంకా పైకి ఎగబాకుతుంది, ఉప్పు పేరుకుని ఇటుకలు పొడిగా రాలతాయి. మరమ్మతు కావాలంటే సున్నంతోనే చేయాలి.

తూర్పు సందుకు మరో ఉపయోగం ఉంది. రెండున్నర అడుగుల అరుగు ముసలివారికి, చక్రాల కుర్చీలో వచ్చేవారికి అడ్డుగోడ. పాత వీధి నుంచి పాటించకూడని లక్షణం ఏదైనా ఉంటే అది ఇదే. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు చొప్పున వాలుదారి వేస్తే 30 అడుగులు కావాలి, మధ్యలో ఆగడానికి అయిదడుగుల సమతలం కలిపితే 35. ముందు వైపు అంత చోటు లేదు. సందులో నాలుగడుగుల వెడల్పున వాలుదారి, మిగిలిన అడుగులో పక్కింటి గోడ వెంబడి నీళ్ళ కాలువ వేస్తే, దారి తిన్నగా లోపలి ముంగిట్లోకి చేరుతుంది. మెట్లెక్కేవారు ఒక వైపు నుంచి, వాలుదారిలో వచ్చేవారు మరో వైపు నుంచి వచ్చి అదే ముంగిట్లో కలుస్తారు.

ముంగిలి, వెలుతురు

లోతైన ఇరుకు స్థలంలో రెండు పక్కలా కిటికీలు పెట్టడానికి వీల్లేనప్పుడు వెలుతురు పైనుంచే రావాలి. మండువా పుట్టింది ఈ అవసరం నుంచే. గ్రంథాలయానికీ అదే అవసరం ఉంది కాబట్టి ముంగిలి అవుతుంది, మండువా మాత్రం కాదు. మండువాలో నాలుగు వైపుల నుంచీ కప్పులు లోపలికి వాలి వాన నీళ్ళన్నీ నడుమకు చేరుస్తాయి. జల్లు వసారాల్లోకి కొడుతుంది. మనుషులు ఆ జల్లును ఇష్టపడతారు, కాగితం ఇష్టపడదు. అందుకని ఇక్కడ ముందు గది 28 అడుగుల లోతు, దాని వెనుక 12 అడుగుల ముంగిలి, ఆ తరువాత 16 అడుగుల వెనుక గది, చివర 10 అడుగుల పెరడు. ముంగిట్లోకి వాలేది ముందు కప్పు వెనుక సగం ఒక్కటే. వెనుక కప్పు పెరటి వైపు వాలుతుంది. ముంగిలికి రెండు వైపులా జరిపే అద్దాల తలుపులు, వాటికి లోపలగా దోమల వల.

గంటకు 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే ఆ కప్పు సగం మీద, ముంగిలి మీద కలిపి దాదాపు 2,200 లీటర్ల నీళ్ళు పడతాయి. తూము ఒకటే ఉండి ఆకులు అడ్డుపడితే ముంగిలి చెరువవుతుంది. కాబట్టి ఎదురెదురు మూలల్లో రెండు తూములు, గది నేల కంటే ఆరంగుళాలు తగ్గిన ముంగిలి, గడప ఎత్తు ఇవన్నీ గీతల్లోనే తేలిపోవాలి. ఆ నీళ్ళను పెరట్లోని తొట్టిలోకి మళ్ళించుకోవచ్చు.

వెనుక గదికి ఉత్తరం వైపు, కప్పు కింద ఎత్తులో వెడల్పాటి కిటికీ వరస పెడితే రోజంతా నిలకడైన వెలుతురు వస్తుంది. ఉత్తరం నుంచి ఎండ రాదన్న మాట ఈ అక్షాంశాల్లో పూర్తిగా నిజం కాదు. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. ఆ కోణం చిన్నది కాబట్టి మూడడుగుల కిటికీకి అడుగున్నర చూరు ఉంటే మధ్యాహ్నపు ఎండ లోపలికి రాదు. ఉదయం, సాయంత్రం ఏటవాలుగా వచ్చే ఎండకు కిటికీ పక్కల నిలువు పలకలు కావాలి. ముందు గదికి వీధి అరుగు నుంచి, ముంగిలి నుంచి వెలుతురు చాలు. పక్కింటి వైపు కిటికీలు పెట్టవలసివస్తే వాటి అడుగు గచ్చు నుంచి ఏడడుగుల పైన ఉండాలి. వెలుతురు వస్తుంది, పొరుగింటి పెరట్లోకి చూపు పోదు.

పుస్తకాలు, గోడలు, కప్పు

పుస్తకాల బరువు చాలామంది ఊహించే దానికంటే ఎక్కువ. ఇంటి గదికి చదరపు మీటరుకు దాదాపు 200 కిలోల బరువు లెక్కవేస్తే, పుస్తకాల బీరువాల గదికి భారతీయ ప్రమాణం దాదాపు 600 కిలోలు వేయమంటుంది. బీరువాలు ఏడడుగులు దాటితే ఇంకా ఎక్కువ. ఈ గ్రంథాలయంలో పుస్తకాలన్నీ కింది అంతస్తులోనే ఉండటం మేలు. వెనుక గదిలో ఎత్తు ఉంది కదా అని అటక వేస్తే అది పిల్లలు కూర్చుని చదవడానికే, పుస్తకాలు పేర్చడానికి కాదు. ముందు గది పక్క గోడల పొడవు 44 అడుగులు, వెనుక గదివి 32. మొత్తం 76 అడుగుల్లో మూడడుగుల గడులు 24 పడతాయి. ఒక్కో గడిలో అయిదు అరలు, అరకు సుమారు 27 పుస్తకాలు. అంటే దాదాపు 3,200 పుస్తకాలు. చిన్న ఊరికి ఇది మంచి ఆరంభం, మధ్యలో నేలంతా చదివేవారికి మిగులుతుంది.

బీరువాలను గోడకు ఆనించకూడదు. రెండంగుళాల ఎడం ఉంటే వెనుక గాలి ఆడుతుంది, చెదలు ఎక్కే మట్టి గొట్టాలు కంటపడతాయి. అడుగు అర గచ్చు నుంచి ఆరంగుళాలైనా పైన ఉండాలి. గాలిలో తేమ 65 శాతం దాటి రోజుల తరబడి నిలిస్తే కాగితానికి బూజు పడుతుంది, డెల్టా వానాకాలంలో అది మామూలే. ఫ్యాన్లు తిరగడం, ఎదురెదురు కిటికీలు, ఎండ రోజుల్లో ముంగిలి తలుపులు బార్లా తెరవడం అన్నవే ఇక్కడ నమ్మదగిన మందు. పాత పుస్తకం వాసన అని మెచ్చుకునేది కొన్నిసార్లు బూజు మొదలైన సూచన.

గోడలకు ఇటుక, పైన సున్నం. పక్క ఇళ్ళ తెలుపుతో కలుస్తుంది, ఊపిరి పీలుస్తుంది. గోడ పైఅంచున ఒక పట్టీ కాంక్రీటు కనబడితే దాచనక్కరలేదు, అది గోడలను కట్టిపడేసే నడికట్టు. కప్పుకు సన్నని ఉక్కు వాసాల మీద మంగళూరు పెంకులు, వాటి కింద నాలుగంగుళాల గాలి, ఆ కింద సిమెంటు బోర్డు లేదా చెక్క పలక. పెంకు ఎండను తీసుకుంటే మధ్య గాలి ఆ వేడిని కొప్పు గుండా బయటికి పంపుతుంది. పెంకుల కిందే నీళ్ళు కారని ఒక పొర పరచాలి. కోతులు పెంకులు కదపని ఊరు ఇప్పుడు అరుదు, ఆ పొర లేకుంటే ఒక పెంకు జరిగిన రాత్రే ఒక బీరువా తడుస్తుంది.

కూలిన ఇంటి నుంచి దక్కినవి ఏం చేయాలన్నది చివరి ప్రశ్న. బాగున్న ద్వారబంధం గుమ్మంగానే నిలబెట్టవచ్చు, దాని ఎత్తు, వెడల్పు ఇప్పటి అవసరానికి సరిపోతే. చెద పట్టిన దూలాన్ని కోసి బాగున్న భాగంతో చదివే బల్లలు చేయించవచ్చు. పాత ఇటుకలు ముంగిలి నేలకు పనికొస్తాయి. గోడకు తగిలించి చూపించడానికి మాత్రం ఏదీ వాడకూడదు. పాత వస్తువు కొత్త పనిలో చేరితే దాని ఆయుష్షు పెరుగుతుంది, అలంకారంగా మిగిలితే దుమ్ము పడుతుంది.

కట్టే ముందు చూసుకోవడం

గీతలు ఎంత బాగున్నా ఎత్తును కాగితం మీద అంచనా వేయడం ఇంటివారికి కష్టం. అందుకని స్థలంలోనే వెదురు గడలు పాతి, చూరు గీతకు ఒక తాడు, కొప్పు గీతకు మరో తాడు కట్టి వారం రోజులు ఉంచాలి. వీధివాళ్ళు రోజూ అటే తిరుగుతారు. తమ డాబా మీద గాలి ఆగుతుందా, వసారాలో పొద్దుటి వెలుగు తగ్గుతుందా వాళ్ళే చెబుతారు. తాడును అడుగు దించడానికి పది నిమిషాలు చాలు. గోడ లేచాక దించడం ఎవరివల్లా కాదు.

అదే సమయంలో గీసిన ప్రతి భాగాన్నీ ఒక ప్రశ్న అడగాలి. ఇది తీసేస్తే ఏ పని ఆగిపోతుంది? చూరు తీసేస్తే అరుగు తడుస్తుంది. ముంగిలి తీసేస్తే వెనుక గది చీకటవుతుంది. స్తంభాల దూరం మారిస్తే బీరువాలు ఇమడవు. ఇలా జవాబున్న భాగాలు పాత ఇళ్ళలో కూడా ఉన్నవే అయినా నకలు కిందికి రావు. జవాబు లేని చెక్కడం, అతికించిన పెంకు, ఉత్త కమాను ఉంటే వాటిని చెరిపేయాలి. ఆ తరువాత వీధి ముఖం గీసిన కాగితం తీసి, కొత్త భవనాన్ని దాని చోట పెట్టి చూడాలి. అరుగు గీత, చూరు గీత ఈ చివర నుంచి ఆ చివర దాకా తెగకుండా సాగితే, ఉక్కు స్తంభాలు, అద్దాల తలుపులు, ఉత్తరపు కిటికీ ఉన్నా అది ఆ వీధి కట్టడమే అవుతుంది.